పుర్రచెయ్యి ఎవరిది?

వార్తల పనిలోకి రాకముందు నేను పెళ్లి వీడియోలు కోసి అతికించేదాన్ని. వనపర్తిలో ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో ఏళ్ల తరబడి తలంబ్రాలూ అప్పగింతలూ చూస్తూ కూర్చున్నాను. మా వైపు ఆ పనిని మిక్సింగ్ అంటారు. ఎవరూ నేర్పలేదు. వీడియో అంటే సెకనుకు ఇరవై అయిదు కదలని బొమ్మలు అని ఒక సీడీ అట్ట మీద చదివిన రోజు నుంచి నాకు ప్రపంచం బొమ్మల లెక్కలో అర్థమవడం మొదలైంది. పెళ్లికొడుకు మూడో ముడి వేసేసరికి ఎన్ని బొమ్మలవుతాయో అయ్యగారి మంత్రాల వేగాన్ని బట్టి ముందే అంచనా కట్టేదాన్ని. అంచనా కుదిరితే నాలో నేనే సంతోషపడేదాన్ని. చెప్పుకోవడానికి అది ఎవరికీ పనికొచ్చే సంగతి కాదు.

పెళ్లిళ్ల వాళ్లు డ్రోన్లకూ పెద్ద ఊళ్ల ఎడిటర్లకూ మళ్లాక, గద్వాలలో ఒక చిన్న వార్తల ఛానెల్‌లో చేరాను. ఎరువుల దుకాణం మీది అంతస్తులో రెండు గదులు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల వార్తలూ అక్కణ్ణుంచే ఫోనుల్లోకి వెళ్తాయి. ఎడిటర్ నాకంటే బాగా చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. గ్రూపుల్లో తిరిగే క్లిప్పు ఏదైనా మేం వేయాలంటే ముందు నా బల్ల మీదకు రావాలి. అది కొత్తదా, ఎప్పటిదో తెచ్చి ఇప్పటిదని తిప్పుతున్నారా అని తేల్చడం నా పని.

చాలావరకు అది సులువే. ఒకసారి గోపాల్‌పేట శివారులో చిరుత తిరుగుతోందని ఒక క్లిప్పు వచ్చింది. అదే చిరుత అదే వారం నాగర్‌కర్నూల్ వైపు కూడా తిరిగింది. రెండు బొమ్మలు తీసి వెతికితే రెండేళ్ల కిందట వేరే రాష్ట్రంలో ఎవరో పెట్టిన వీడియో బయటపడింది. ఎడిటర్ నవ్వి, "మస్తు నడిచింది అక్కా పాపం, కాళ్లు గుంజుతున్నయో ఏమో," అన్నాడు.

నేను చెప్పబోయేది అంత తేలిగ్గా తేలింది కాదు.

అది సీడు పత్తికి, అంటే కంపెనీల కోసం సంకర విత్తనం పండించే పత్తికి, క్రాసింగ్ జరిగే కాలం. మల్దకల్ చుట్టుపక్కల ఆ పంట ఎక్కువ. పగటి పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఎంచి, దాని పుప్పొడి భాగాన్ని గోటితో ఒలిచేస్తారు. గుర్తు తెలియడానికి కొందరు దానికి ఎర్ర కాగితం తొడుగుతారు. మర్నాడు పొద్దున మగ చెట్ల పూలు తెచ్చి ఆ మొగ్గకు రుద్దుతారు. చెట్టు నడుము ఎత్తు కూడా ఉండదు, మొగ్గ చిన్నది, పని సున్నితం. అందుకే ఒకప్పుడు పిల్లల్ని పెట్టేవారు. తర్వాత అధికారుల తనిఖీలు పెరిగాయి, కంపెనీలు షరతులు పెట్టాయి, పిల్లలు కనబడితే ప్లాటు, అంటే ఆ రైతుతో కుదుర్చుకున్న విత్తన చేను, రద్దు అన్నాయి.

ఆ రోజు పొద్దున అర నిమిషం నిడివి ఉన్న క్లిప్పు మూడు గ్రూపుల్లోంచి నా దగ్గరికి వచ్చింది. పత్తి చేనులో ముగ్గురు ఆడపిల్లలు మొగ్గలు ఒలుస్తున్నారు. ముందున్న పిల్ల తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది, ముఖం సగమే కనబడుతోంది. వాళ్ల వెనక సాలులో చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కున్న ఇద్దరు ఆడకూలీలు. పక్కనుంచి ఒక మగ చెయ్యి వచ్చి ముందున్న పిల్ల తల మీద మొట్టికాయ వేస్తుంది. అక్కడితో క్లిప్పు అయిపోతుంది. చేనులోని మాటలు తీసేసి ఏడుపు సంగీతం పెట్టారు. పైన ఎర్ర అక్షరాలతో మల్దకల్ దగ్గరి ఒక ఊరి పేరు, ఒక రైతు పేరు, "ఈ రోజు ఉదయం జరిగిన దారుణం" అన్న మాట.

పదకొండు కాకముందే ఆ రైతే మా మెట్లెక్కి వచ్చాడు. యాభై దాటిన మనిషి. వెనక ఎడిటర్ వచ్చి, "అక్కా, ఈయననే," అని నా బల్ల పక్కన కుర్చీ వేశాడు.

ఆయన కూర్చోలేదు. "చెల్లె, ఆ వీడియో నాది కాదు. ఆర్గనైజరు పొద్దుగాల ఫోన్ చేసిండు. ఎల్లుండి కంపెనీ సార్లు వస్తున్నరు, నీ ప్లాటు కొట్టేస్తరు అన్నడు. నేను గద్వాలకు వోయి టీవీవోళ్లతోని రాయించుకొస్త అన్న. నువ్వు సూసి చెప్పాలె."

ఆర్గనైజరు అంటే కంపెనీకీ రైతుకూ మధ్య మనిషి. విత్తనం ఇచ్చేది ఆయనే, పండింది తీసుకునేది ఆయనే. ప్లాటు కొట్టేస్తే ఆ విత్తనాన్ని ఇంకెవరూ తీసుకోరు. అన్ని రోజులు పదిమందిని పెట్టి చేయించిన క్రాసింగంతా పోయి, దాన్ని మామూలు పత్తిగా జిన్నింగు మిల్లుకు తోలుకోవాలి. ఆయన గొంతులో ఉన్నది ఆ భయం.

"నీ చేను కాదని ఎట్ల చెప్తున్నవు అన్నా?" అన్నాను.

"మా చేన్ల నిలవడి గుట్ట దిక్కు సూస్తే బోరు గూడు ఎడమ పక్కకుంటది. గీడ సూడు, గుట్ట ఎనకనే ఉన్నది, గూడు కుడి పక్కకున్నది. ఇంకోటి. ఆ మొట్టికాయ ఏసినోడు పుర్రచెయ్యోడు. ఎడమ చేత్తోటి ఏసిండు. నాది పుర్రచెయ్యి కాదు. ఊళ్లె ఎవల్నన్న అడుగు." ఇంకో సంగతి కూడా చెప్పాడు. "పొద్దుగాల జరిగిందట! పొద్దుగాల పూలు రుద్దుతరు గాని మొగ్గలెవడు ఒలుస్తడు? రాసినోనికి యవసాయం తెల్వదు."

మూడూ సరైన మాటలే. గుట్ట వెనక కనబడుతున్నంతసేపూ బోరు మోటారు పెట్టే ఆ గూడు ఏ పక్కన ఉండాలో కెమెరా ఎక్కడ నిలబెట్టినా పెద్దగా మారదు. పొద్దున మొగ్గ ఒలవరన్నదీ నిజమే. అయితే ఆ మాటతో "ఉదయం" అన్నది అబద్ధమని తేలుతుంది, "ఈ రోజు" అన్నది అబద్ధమని తేలదు. నిన్న పగలు తీసి పొద్దున పెట్టి ఉండవచ్చు.

"చాయ్ తాగి కూసో అన్నా, జర టైం పడ్తది," అన్నాను. ఆయన కూర్చున్నాడు. చాయ్ తాగలేదు.

వీడియోలో ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచరు. కొంత దూరానికి ఒక పూర్తి బొమ్మను పెట్టి, మధ్యలో ఏమేం మారిందో అంతవరకే రాసుకుంటారు. ఆ పూర్తి బొమ్మలను కీఫ్రేములంటారు. వాటిని తీసి పెట్టే పనిముట్లు ఉచితంగానే దొరుకుతాయి. కాకపోతే క్లిప్పు ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి దూకుతూ మళ్లీ మళ్లీ కుదించబడినప్పుడు కీఫ్రేముల చోట్లు కూడా మారతాయి. అందుకని నేను పనిముట్టు ఇచ్చినవాటితో ఆగను. బొమ్మలన్నీ వరసగా తిప్పి, చెయ్యి కదలక గీతలు స్పష్టంగా ఉన్నవాటిని కూడా ఎంచుకుంటాను. పెళ్లి ఆల్బమ్‌కు ఫోటోలు ఏరినట్టే.

ఆరు బొమ్మలు ఏరాను. పైన ఉన్న ఎర్ర అక్షరాలు కోసేశాను. అవి ఉంటే వెతికే యంత్రం అక్షరాల పెట్టెలున్న బొమ్మల వెంట పడుతుంది. మూడు వేర్వేరు సైట్లలో ఒక్కో బొమ్మ వేసి వెతికాను. ఒకదానికి దొరకనిది ఇంకొకదానికి దొరుకుతుంది కాబట్టి మూడింటిలోనూ వేయడం నా అలవాటు.

పత్తి చేన్లు వచ్చాయి. ఎక్కడెక్కడివో చేన్లు, తువ్వాలు కట్టుకున్న పిల్లలు, పచ్చటి ఆకులు. పోలిక ఉంది గాని అదే బొమ్మ లేదు. ఈ పనిలో మొదట నేర్చుకోవాల్సిన తేడా అదే. పెళ్లికూతుళ్లందరూ ఒకేలా కనబడతారు. అయినా ఒక పెళ్లి ఆల్బమ్‌లో ఇంకో పెళ్లికూతురి ఫోటో పెడితే ఇంటివాళ్లు ఊరుకోరు.

ఎడిటర్ వచ్చి తొంగి చూశాడు. "దొరకలేదా? అంటే కొత్తదే కదక్కా?"

"దొరకకపోతే దొరకలేదని అర్థం తమ్మీ. కొత్తదని కాదు."

"మరి ఏమని రాద్దాం?"

"ఇప్పుడే ఏం రాయొద్దు."

"ఇంకో ఛానెల్ వాళ్లు వేసేసిన్రు అక్కా. పుర్రచెయ్యి దుర్మార్గుడు అని పెద్ద హెడ్డింగు." ఇక్కడ ఆయన రైతు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఊళ్లె పుర్రచెయ్యోడు ఇంకెవడన్న ఉన్నడా పెద్దనాయినా?"

రైతు కొంచెం తడబడ్డాడు. "మొగోళ్లల్ల ఎవడు లేడు," అన్నాడు. ఆ జవాబు ఎక్కడో వంకరగా ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

మళ్లీ బొమ్మల దగ్గరికి వెళ్లాను. ముందున్న పిల్లను వదిలి మిగతా మూలలు చూడడం మొదలుపెట్టాను. గుట్ట అంచు మసకగా ఉంది, దాని మీద ఆధారపడలేం. వెనక సాలులోని కూలీలను పెద్దది చేశాను. ఇద్దరూ చీర మీద ఇంట్లోని మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కున్నారు. ఆకులు గీరకుండా, ఎండ తగలకుండా మా వైపు పొలానికి పోయే ఆడవాళ్లు అందరూ అలాగే చేస్తారు. ఆ ఇద్దరికీ చొక్కా జేబు కుడి రొమ్ము మీద ఉంది.

ఎడిటర్‌ను పిలిచి చూపించాను.

"చొక్క ఉల్టా తొడుక్కున్నదేమో," అన్నాడు.

"ఉల్టా తొడుక్కుంటే జేబు లోపలికి పోతది తమ్మీ. కనబడనే కనబడది."

ఆయన తన చొక్కా జేబు తడుముకుని చూసుకున్నాడు. ఎడమ పక్కనే ఉంది. తర్వాత రైతు జేబు వైపు చూశాడు. రైతు కూడా, ఏం జరుగుతోందో తెలియకపోయినా, తన జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

కుట్టుమిషను దగ్గర ఒక్క చొక్కాకు తప్పు పడిందంటే ఒప్పుకుంటాను. రెండు వేర్వేరు చొక్కాలకు, రెండు వేర్వేరు రంగుల బట్టకు ఒకే తప్పు పడదు. ఎవరో వీడియోను అద్దంలో చూపినట్టు తిప్పేశారు. ఇది చేసేవాళ్లు తెలిసే చేస్తారు. తిప్పిన బొమ్మను పెడితే వెతికే యంత్రం చాలాసార్లు పాతదాన్ని పట్టుకోలేదు. దానికి కుడిఎడమలు మారిన చేను వేరే చేనే.

మనుషులకు కూడా అంతేనని ఆ తర్వాత తెలిసింది.

ఆరు బొమ్మలనూ తిప్పి మళ్లీ వేశాను. మొదటి సైటులో ఏమీ లేదు. రెండోదానిలో నాలుగో బొమ్మకు ఒక జవాబు వచ్చింది. అది ఒక వీడియోకు పై అట్టలా పెట్టిన బొమ్మ. ఈ యంత్రాలు వీడియోల లోపలికి వెళ్లి వెతకవు, బయట పెట్టిన కదలని బొమ్మలనే ఎక్కువగా చూస్తాయి. పాత వీడియో పెట్టినాయన అట్ట బొమ్మగా వేరే ఏదైనా పెట్టి ఉంటే అది నాకు దొరికేదే కాదు. ఈ పనిలో అదృష్టానికి కూడా ఒక వాటా ఉంది. దాన్ని దాచడం మంచిది కాదు.

ఆ వీడియో పేరు, సీడు పత్తిలో క్రాసింగ్ ఎలా చేస్తారు అని. ఎవరో వ్యవసాయం మీద వీడియోలు తీసే ఆయన పెట్టింది. ఆరేళ్ల కిందటి తేదీ. కింద ఆ యేడే రాసిన వ్యాఖ్యలున్నాయి. మగ విత్తనం ఎక్కడ దొరుకుతుంది, ఎకరాకు ఎంతమంది పడతారు అని రైతులు అడిగిన ప్రశ్నలు. నాలుగైదు నిమిషాల నిడివి. మన క్లిప్పులో కోసేసిన అంచులు అందులో ఉన్నాయి. కోయడంలో బొమ్మ తగ్గుతుంది తప్ప పెరగదు. కాబట్టి వెడల్పుగా ఉన్నదే మూలానికి దగ్గరిది.

అయినా అదే సంఘటన అని నిర్ధారించుకోవాలి. పిల్ల చేతిలోంచి ఒక ఎర్ర కాగితం గాలికి ఎగిరి భుజం మీద ఆగుతుంది. అది ఆగిన బొమ్మ నుంచి మొట్టికాయ తగిలిన బొమ్మ దాకా రెంటిలోనూ లెక్కబెట్టాను. రెండూ సమానం. ఎర్ర కాగితం రెండుసార్లు ఒకే భుజం మీద ఒకే మడతతో పడదు. ఇక సందేహం లేదు.

"అన్నా, పాతది. కనీసం ఆరేళ్ల నాటిది," అన్నాను.

ఆయన చేతులు రెండూ పైకెత్తి దండం పెట్టాడు. "దేవుడున్నడు చెల్లె. చెప్పిన గద, నాది కాదని."

"రా, చూడు," అని తెర ఆయన వైపు తిప్పాను. పాత వీడియోను మొదటి నుంచి పెట్టాను.

గుట్ట వెనక ఉంది. బోరు గూడు ఎడమ పక్కన ఉంది.

ఆయన ముందుకు వంగాడు. గూడు మీద రేకు, దాని మీద పెట్టిన రాయి, పక్కన కరెంటు పెట్టె. ఆయన వేలు తెర దాకా వెళ్లి తాకకుండా ఆగింది.

"గిది మా చేనే," అన్నాడు.

ఎడిటర్ తలుపు దగ్గర నిలబడిపోయాడు. నేను వీడియో ఆపలేదు. ఆపి ఉండాల్సిందా అని ఒక క్షణం అనిపించింది. ఆలోచించేలోపే మొట్టికాయ దగ్గరికి వచ్చేసింది. ఈ వీడియోలో మాటలున్నాయి. కుడిచెయ్యి వచ్చి పిల్ల తల మీద తట్టింది. "ఏ పుర్రచెయ్యీ! మెల్లగ బిడ్డా, మొగ్గ తెగుతది." అది ఈ కుర్చీలో కూర్చున్న మనిషి గొంతే. తర్వాత మన క్లిప్పులో లేని ముక్క వచ్చింది. పిల్ల తిరిగి చూసి నవ్వి, ఎడమచేత్తోనే ఇంకో మొగ్గ అందుకుంది.

పుర్రచెయ్యి కొట్టినవాడిది కాదు. ఆ పిల్లది.

"మా బిడ్డె," అన్నాడు ఆయన. "గప్పుడు బడి లేని దినం... " అని మొదలుపెట్టి, ఆ వాక్యం వదిలేశాడు.

"మిగతా ఇద్దరు?" అని అడిగాను.

"కూలోళ్ల పిల్లలు."

అడగకుండా ఉండవచ్చు. అయితే పాతదా కొత్తదా అన్నదే నా పనైనా, ఆ తెర మీద ఉన్నది ముగ్గురు. అడిగాను, ఆయన చెప్పాడు.

కాసేపటికి ఆయనకు తన అసలు చిక్కు గుర్తొచ్చింది. ఆర్గనైజరుతో, ఊళ్లో నలుగురితో, మాతో కూడా అది తన చేను కాదని చెప్పాడు. అబద్ధమాడాలని చెప్పలేదు. తిప్పిన బొమ్మలో తన చేనును తానే గుర్తుపట్టలేదు. ఇప్పుడు చూసినదాన్ని చూడలేదనాలి, లేదా అన్న మాట వెనక్కి తీసుకోవాలి.

"చెల్లె, పాతదని రాయి. గంతే చాలు. చేను ముచ్చట ఎందుకు?"

ఎడిటర్ కూడా నన్ను పక్కకు పిలిచాడు. "పాతదనేది నిజమే కదక్కా. అంతవరకే చెప్తే మనది తప్పేం లేదు."

"మనం పాతది చూపియ్యాలె గద. ఆ లింకు పెడ్తే చూసినోళ్లకు బోరు గూడు కనబడది అనుకుంటున్నవా? ఎల్లుండి కంపెనీవోళ్లు ఆ చేన్లనే నిలబడ్తరు."

ఎడిటర్‌కు ఆ లెక్క అర్థమైంది. పాతదని మాత్రమే చెప్తే రైతుకు రెండు రోజులు మంచిది, మూడో రోజు మరీ చెడ్డది. నాకు మాత్రం అంతకంటే చిన్న కారణం ఒకటి ఉంది. బొమ్మ సగం కోసి, కోసిన సంగతి చెప్పకపోవడమే కదా ఆ క్లిప్పు తయారుచేసినవాడు చేసింది.

వెనక్కి వచ్చి రైతుతో అదే చెప్పాను. ఆయన తలవంచుకుని చాలాసేపు ఫోను అటూ ఇటూ తిప్పాడు.

"బిడ్డ మొకం ఉన్నది గద దాంట్ల. దాన్ని అడగకుండ ఎట్ల?" అన్నాడు చివరికి.

ఆ అమ్మాయి నాగర్‌కర్నూల్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఫోను స్పీకర్లో పెట్టి ఆయన మొత్తం చెప్పాడు. వరస తప్పుతూ, వెనక్కీ ముందుకీ పోతూ చెప్పాడు. అవతల ఆమె చివరిదాకా వింది. తర్వాత ఒక నవ్వు. వీడియోలో విన్న నవ్వు కాదు.

"మా హాస్టల్ గ్రూపుల పొద్దుగాలనే వచ్చింది నాన్నా, పైన ఊరి పేరు, నీ పేరు లేకుండ. నేను సూసి, అయ్యో పాపం అని ఏడ్సే బొమ్మ గూడ పెట్టిన. నన్ను నేనే గుర్తువట్టలే. కుడిచేత్తోని ఒలుస్తుంది కద ఆ పిల్ల."

"ఏం చెయ్యమంటవు బిడ్డా?"

"ఏం చేసుడేంది? మన చేనే అని చెప్పు. ఆర్గనైజర్ మామకు నువ్వే ఫోన్ చెయ్యి, టీవీల రాకముందుగాలనే. గప్పుడు బడికి పంపుమంటే ఈ నెల దాట్నియ్యి అన్నవు. ప్రతి యేడు గదే మాట, ఆ నెల దాటకనే పాయె. ఆ ముచ్చట గూడ చెప్పుమంటలేను నేను. ఉన్నది ఉన్నట్టు చెప్పు, సాలు."

ఆయన ఫోనును నా వైపు జరిపాడు. "అక్కా," అంది ఆ అమ్మాయి నాతో. "ఉన్నరా?"

"ఉన్న అమ్మా."

"నా మొకం కనబడకుండ చెయ్యుండ్రి. మిగిలిన ఇద్దరియి గూడ. వాళ్లను అడిగేటోళ్లు లేరు గద."

"చేస్తా."

"ఇంకోటి. హెడ్డింగుల పుర్రచెయ్యి దుర్మార్గుడు అని వేసిండ్రట ఎవలో. పుర్రచెయ్యి నాది. నన్ను దుర్మార్గుడు అన్నట్టు అయితది. జర గది చెప్పుండ్రి." ఈసారి నవ్వు మామూలుగా ఉంది. ఎడిటర్ కూడా నవ్వాడు. రైతు నవ్వలేదు గాని ఆయన భుజాలు కొంచెం దిగాయి.

ఆయన మా మెట్ల మీద నిలబడి ఆర్గనైజరుకు ఫోను చేశాడు. అవతలి గొంతు ఎంత పెద్దదంటే లోపల మాకు వినబడింది. "నువ్వు కాదన్నవని నేను పైకి కాదని చెప్పిన. గిప్పుడు నా మొకం ఏడ పెట్టుకోవాలె?" రైతు ఒకటే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. "బోరు అటుదిక్కు ఉండె బావా. నిజంగ అటుదిక్కే ఉండె."

మధ్యాహ్నం మా వీడియో వెళ్లింది. మొదట తిప్పిన బొమ్మ, పక్కన పాత బొమ్మ. ముగ్గురి ముఖాలూ మసక. చొక్కా జేబుల మీద ఒక గుండ్రని గీత. చెప్పిన మాటలు నేనే రాశాను. "ఈ క్లిప్పు ఈ రోజుది కాదు. కనీసం ఆరేళ్ల కిందట ఇంటర్నెట్‌లో ఉన్న ఒక పెద్ద వీడియోలోంచి కోసి, అద్దంలోలా తిప్పి, మాటలు తీసేసి పెట్టారు. చేను మాత్రం చెప్పిన రైతుదే అని ఆయనే ఒప్పుకున్నారు. అప్పట్లో ఆ చేనులో పిల్లలు పనిచేసిన మాట నిజం. ఇప్పుడు ఎవరు పనిచేస్తున్నారో ఈ క్లిప్పు చెప్పదు." చివరి వాక్యం ఎడిటర్‌కు నచ్చలేదు, చప్పగా ఉందన్నాడు. ఉంచాడు.

ఎక్కువమంది చూడలేదు. తిప్పిన క్లిప్పు చూసినవాళ్లలో పదోవంతు కూడా ఉండరు. అది ఎవరు తిప్పారో, ఎందుకు ఆ రైతు పేరే పెట్టారో మాకు తెలియలేదు. చేను గట్టు తగాదా అని ఊళ్లో అనుకున్నారట. బొమ్మలు ఆ సంగతి చెప్పవు.

చెప్పినట్టే మూడో రోజు కంపెనీ వాళ్లు వచ్చారు. ఆ సంగతి రైతే సాయంత్రం ఫోను చేసి చెప్పాడు. వాళ్లలో ఒకాయన ఫోనులో మా వీడియో పెట్టుకుని, చేనులో నిలబడి గుట్ట వైపు చూసి, బోరు గూడు ఏ పక్కన ఉందో పోల్చుకున్నాడట. సాలుల్లో ఉన్న ఆడకూలీలను ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి చూశారట. పిల్లలెవరూ లేరు. "ఒకామె అడిగింది చెల్లె, జేబులు గూడ సూపియ్యాల్నా సారూ అని. సారుకు గూడ నవ్వొచ్చింది."

ఆ యేడు విత్తనం తీసుకున్నారు. మరుసటి యేడు ఆర్గనైజరు ఆయనకు ప్లాటు ఇవ్వలేదు. చేతిలో ఖాళీ లేదన్నాడు. నిజం చెప్పినందుకా, ముందు కాదన్నందుకా, రెండూ కాక మామూలుగానేనా అన్నది తేల్చడానికి నా దగ్గర కీఫ్రేములు లేవు. ఆయన ఆ చేనులో పల్లి వేశాడు.

ఆ సంగతి చెప్పడానికి ఫోను చేసినప్పుడు ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. కాలేజీకి సెలవులని కూతురు వచ్చిందని, పల్లి పీకుడుకు తాను రమ్మనకపోయినా చేనుకు వచ్చిందని చెప్పాడు.

"పుర్రచేత్తోనే పీకుతున్నది," అన్నాడు. "ఏం అంటలేను."